ఎండు నేల జంగిల్ అయింది, ఒళ్లు పట్టడం షాంపూ అయింది

ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే మన దేశపు మాటలు వందల్లో కనిపిస్తాయి. లూటీ, బంగళా, పండిట్, పైజామా, కర్రీ, ఇలా చదువుకుంటూ పోవచ్చు. మన మాటలు అంత దూరం వెళ్లాయే అని కాసేపు సంతోషపడి పుస్తకం మూసేయడమూ మామూలే. కానీ ఆ మాటలు అక్కడికి చేరేసరికి చాలావాటికి పాత అర్థం మిగల్లేదు. ఆ మార్పు దానంతటదే జరిగిపోలేదు. ఫలానా కాలంలో, ఫలానా పని చేసుకునే మనుషుల చేతుల్లో జరిగింది. ఒకటి భూమి లెక్కలు రాసేవాళ్ల దగ్గర, ఒకటి స్నానశాల నడిపినాయన దగ్గర, ఇంకొకటి ఓడ దిగి కొత్త దేశంలో అడుగుపెట్టినవాళ్ల దగ్గర. ఈ పూట ఆ మూడు మాటల సంగతి చెబుతాను. జంగిల్, షాంపూ, బ్యాండికూట్. ఈ మూడోది అచ్చంగా మన తెలుగు మాట. దాన్ని చివరికి ఉంచుతున్నాను.

జంగిల్ అనగానే మనకి ఏం కనిపిస్తుంది? ఎండ నేల మీద పడనంత దట్టంగా చెట్లు, తీగలు, తేమ, చిత్తడి, పాములు. ఈ మాటకి మూలం సంస్కృతంలోని జాంగలం. దాని అర్థం దీనికి పూర్తిగా ఎదురు.

ఆయుర్వేదం చదువుకున్నవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఆ శాస్త్రం నేలను మూడు రకాలుగా విడదీస్తుంది. నీళ్లు ఎక్కువగా ఉండేది ఆనూపం, నీళ్లు తక్కువగా ఉండేది జాంగలం, ఈ రెండింటికీ మధ్యది సాధారణం. చరక సంహితలో జాంగల దేశాన్ని వర్ణించిన తీరు చూడండి. పైన ఆకాశం ఆరుబయలుగా కనిపిస్తుంది. చండ్ర, రేగు, జమ్మి, ఉసిరి లాంటి చెట్లు ఉంటాయి. గాలి పొడిగా వీస్తుంది. గరుకు ఇసుక, దూరాన ఎండమావులు, కౌజుపిట్టలు. అక్కడి మనుషుల ఒళ్లు గట్టిది. మరి ఆనూప దేశంలో ఏముంటాయి? కొబ్బరి తోటలు, అరటి తోటలు, నదులు, సముద్రతీరం, చల్లగాలి, దట్టమైన పచ్చదనం.

అంటే చరకుడు చెప్పిన గుర్తులు పట్టుకుని మన పటం మీద వేలు పెడితే, అనంతపురం జిల్లా జాంగలం అవుతుంది, కోనసీమ ఆనూపం అవుతుంది. రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలు తిరుగుతాయే, అది అచ్చమైన జాంగల దేశం. చెట్లు ఎడంగా ఉన్న ఆ గడ్డినేలను ఇవాళ ఎవరైనా జంగిల్ అంటే వినేవాడు నవ్వుతాడు. ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. ఏ నేల జంతువు మాంసం ఏ రోగికి పెట్టాలి అన్న వైద్యుల లెక్కలో జాంగలానికి పెద్ద పీట ఉంది. జింక, కుందేలు, కౌజు లాంటి పొడినేల ప్రాణుల మాంసం తేలిగ్గా అరుగుతుందని వాళ్ల నమ్మకం.

మరి ఎండు నేల తడి అడవి ఎలా అయింది? మధ్యలో ఒక మెట్టు ఉంది. ఉత్తరాది వాడుక భాషల్లో జంగల్ అంటే సాగులో లేని నేల అన్న అర్థం వచ్చింది. దున్నని నేల, ఎవరూ కాపురం లేని నేల. మనం బీడు అంటాం, బంజరు అంటాం, ఆ జాతి మాట. ఇంగ్లీషువాళ్లకి ఈ మాట పనికొచ్చింది భూమి శిస్తు కోసం, న్యాయం కోసం. బెంగాల్లో వారెన్ హేస్టింగ్స్ పదకొండుమంది పండితుల చేత ధర్మశాస్త్ర సంగ్రహం ఒకటి రాయించాడు. దాన్ని పారసీలోకి మార్పించారు. ఆ పారసీ నుంచి నథానియల్ హాల్హెడ్ ఇంగ్లీషు చేశాడు. 1776లో అది అచ్చయింది. ఐదేళ్లపాటు సాగు లేకుండా పడి ఉన్న నేలను జంగిల్ అంటారని అందులో ఉంది. ఇంగ్లీషు అచ్చులో ఈ మాటకి దొరికిన తొలి ఆధారాల్లో ఇదొకటి. గమనించండి, అందులో చెట్ల ఊసు లేదు, పులుల ఊసు లేదు. ఉన్నది ఏళ్ల లెక్క ఒక్కటే.

ఇక్కడ ఊరు మారితే అర్థం మారిపోయే చిక్కు ఉంది. రాజస్థాన్‌లోనో, మన రాయలసీమలోనో పొలం ఐదేళ్లు వదిలేస్తే ఏమవుతుంది? ముళ్లకంప మొలుస్తుంది, గడ్డి మొలిచి ఎండుతుంది. మరి బెంగాల్లో? ఆ వానలకి, ఆ ఒండ్రుకి రెండు మూడేళ్లలోనే మనిషి దూరలేనంత పొద పెరుగుతుంది. చట్టం మాట్లాడింది సాగు గురించి. గుర్రం మీద సర్వేకి వెళ్లిన దొర కంటికి కనిపించింది పొద. పుస్తకంలో ఆ నేల పేరు జంగిల్ అని ఉంది కనుక, పొద పేరే జంగిల్ అనుకున్నాడు. నేల స్థితిని చెప్పే మాట, నేల మీద మొలిచినదాన్ని చెప్పే మాట అయిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే జంగిల్ ఫీవర్ అనే జ్వరం పేరు కూడా వచ్చింది. దోమలున్న తడి చోట్ల తగిలే మలేరియా లాంటి జ్వరం అది. అక్కడితో జంగిల్‌లోకి చిత్తడి పూర్తిగా దిగిపోయింది.

తర్వాతి దశలు మీకు తెలిసినవే. 1894లో కిప్లింగ్ జంగిల్ బుక్ వచ్చింది. 1906లో అప్టన్ సింక్లెయిర్ అమెరికాలో ది జంగిల్ అని నవల రాశాడు. అందులో చెట్టూ లేదు, పుట్టా లేదు. షికాగో కబేళాల్లో పనిచేసే వలస కూలీల బతుకు అది. బలమున్నవాడిదే రాజ్యం అన్న అర్థంలో వాడాడు. జాంగలం నుంచి కబేళా దాకా సాగిన ఆ ప్రయాణంలో ప్రతి మెట్టుకీ తేదీ వేసిన కాగితం ఒకటి ఉంది. మాట చరిత్ర నమ్మదగినదా కాదా అని తేల్చడానికి చూడవలసింది అదే. ఆ విషయం కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు షాంపూ. హిందీలో చాంప్‌నా అంటే నొక్కడం, పిసకడం. అందులోంచి వచ్చింది చాంపో, అంటే నొక్కు, ఒత్తు అని ఆజ్ఞ. అర్థం కన్నా ముందు ఈ ఆజ్ఞ రూపం దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఇంగ్లీషువాళ్లు మన క్రియాపదాలు ఎత్తుకున్నప్పుడు చాలా చోట్ల ఆజ్ఞ రూపాన్నే ఎత్తుకున్నారు. దేఖో అన్నది డెక్కో అయింది, ఇంగ్లండులో ఒకసారి డెక్కో వెయ్యి అంటే ఓ చూపు చూడు అని. బనావో అన్నదీ, లగావో అన్నదీ, పకడో అన్నదీ ఆంగ్లో ఇండియన్ల మాటల్లో మామూలు క్రియలైపోయాయి. 1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కలిసి కూర్చిన హాబ్సన్ జాబ్సన్ అనే నిఘంటువులో ఈ మూడూ దొరుకుతాయి. కారణం వెతకడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. దొర నోటి నుంచి నౌకరుకి వెళ్లేది ఆజ్ఞే కదా. ఆయనకు భాషలో పరిచయమైన రూపం అదొక్కటే.

షాంపూ ఇంగ్లీషు రాతల్లోకి 1760ల్లోనే వచ్చింది. అప్పుడు దాని అర్థం ఒళ్లు పట్టడం. జుట్టు లేదు, నురగ లేదు, సీసా లేదు. ఎవరినైనా షాంపూ చేశారంటే కాళ్లూ చేతులూ వీపూ పిసికి మెటికలు విరిచారని.

ఈ మాటని ఇంగ్లండు నేల మీద వీధి బోర్డు దాకా తీసుకెళ్లిన మనిషి పేరు షేక్ దీన్ మొహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. కుర్రతనంలోనే కంపెనీ బెంగాల్ సైన్యంలో గాడ్‌ఫ్రీ బేకర్ అనే అధికారి వెంట చేరాడు. ఆయనతోనే 1784లో ఐర్లండులోని కార్క్ నగరానికి వెళ్లాడు. అక్కడే చదువుకున్నాడు, జేన్ డేలీ అనే ఐరిష్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, 1794లో తన ప్రయాణాల మీద పుస్తకం అచ్చు వేశాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి ప్రచురించిన మొదటి పుస్తకం అదే అంటారు. తర్వాత లండన్ వచ్చాడు. 1810లో హిందూస్తానీ కాఫీ హౌస్ అని పెట్టాడు. పేరు కాఫీదే గానీ అక్కడ దొరికేది మన కూరలు, హుక్కా. రెండేళ్లలో దివాలా తీశాడు.

లండన్‌లో ఉండగానే ఆయన బేసిల్ కాక్రేన్ దగ్గర కొంతకాలం పనిచేశాడు. ఈ కాక్రేన్ మద్రాసులో నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి బాగా గడించి వెళ్లిన స్కాట్లండు దొర. ఆవిరి స్నానాల మీద పిచ్చి ఉన్నవాడు. ఆ ఆవిరికి ఒళ్లు పట్టడం జోడిస్తే వచ్చేదే దీన్ మొహమ్మద్ రెండో వ్యాపారం. 1814లో సముద్రపు ఒడ్డున ఉన్న బ్రైటన్ చేరాడు. ఇంగ్లండు కులీనులు ఆరోగ్యం కోసం వచ్చే ఊరు అది.

ఆయన పద్ధతి ఇలా ఉండేది. రోగిని ఫ్లానెల్ గుడ్డతో కుట్టిన గుడారంలో కూర్చోబెడతారు. మూలికలు వేసి కాచిన నీళ్ల ఆవిరి లోపలికి పంపిస్తారు. చెమట బాగా పట్టాక, గుడారానికి పక్కల పెట్టిన సందుల్లోంచి పనివాడు చేతులు మాత్రం లోపలికి పెట్టి రోగి ఒళ్లు పిసుకుతాడు. కీళ్లనొప్పులు, ఉబ్బసం, పక్షవాతం, అన్నిటికీ ఇదే మందు అని ఆయన చెప్పుకున్నాడు. నయమై వెళ్లినవాళ్లు వదిలేసిన చంకకర్రల్ని స్నానశాలలో అందరికీ కనిపించేలా పెట్టాడట. ప్రకటన అంటే ఏమిటో ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1822లో ఈ చికిత్స మీద పుస్తకం కూడా వేశాడు. దాని పేరులో మొదటి మాటే షాంపూయింగ్. నాలుగో జార్జి, ఆ తర్వాత నాలుగో విలియం రాజులకి షాంపూయింగ్ సర్జన్‌గా బిరుదు సంపాదించాడు. ఇవాళ ఆ బిరుదు వింటే ఆస్థాన క్షురకుడేమో అనిపిస్తుంది. ఆ రోజుల్లో అది వైద్యుడి బోర్డు. 1851లో ఆయన పోయాడు. మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్ లండన్‌లో పేరున్న డాక్టరై రక్తపోటు మీద ముఖ్యమైన పరిశోధన చేశాడు.

ఒళ్లంతా ఉన్న షాంపూ తల మీదికి ఎప్పుడు ఎక్కింది? 1860 ప్రాంతానికి. అప్పటికి మంగలి దుకాణాలవాళ్లు తలకి సబ్బు నురగ రాసి మాడు రుద్ది కడగడాన్ని షాంపూ అనడం మొదలుపెట్టారు. తలను రుద్దడం కూడా పిసకడమే కదా, కాబట్టి ఆ మాట అప్పటికింకా తప్పు కాదు. కానీ నురగ పక్కన ఉంది. చేతి పనీ, సబ్బూ రెండూ ఒకేసారి జరుగుతుంటే మాట మెల్లగా సబ్బు వైపు జరిగింది. ఆ దశాబ్దంలోనే తల రుద్దుకునే పదార్థానికే ఆ పేరు వచ్చేసింది. ఇక ఇంటి దగ్గర ఎవరికి వాళ్లు రుద్దుకోవడం మొదలయ్యాక, పట్టే మనిషి పూర్తిగా తప్పుకున్నాడు. 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ నీళ్లలో కలుపుకునే పొడి షాంపూ అమ్మకానికి పెట్టేనాటికి చాంపో అన్న ఆజ్ఞ వినేవాడే లేడు. ఆ తర్వాత ఇంగ్లీషులో తివాచీలకీ, కారు సీట్లకీ కూడా షాంపూ చేయడం వచ్చింది.

మన దగ్గరికి అది తిరిగి వచ్చింది సబ్బుగానే. 1980ల్లో తమిళనాడులోని కడలూరు వైపు నుంచి మొదలైన చిన్న ప్లాస్టిక్ పొట్లాలు కిరాణా కొట్ల ముందు తోరణాల్లా వేలాడాక, కుంకుడుకాయలు కొట్టుకునే ఇళ్లలోకీ షాంపూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అసలు మాట ఇంకా బతికే ఉంది. హిందీవాళ్లు తలకి నూనె రాసి పట్టడాన్ని చంపీ అంటారు. అంటే మంగలి దుకాణంలో చంపీ చేయించుకుని, ఇంటికొచ్చి షాంపూ పెట్టుకునే మనిషి ఒకే మాటని రెండు దేశాల అర్థాలతో ఒక్క పూటలో వాడుతున్నాడు. తెలుగులోనూ తలంటు అన్నది మొదట నూనె అంటడమే. ఇప్పుడు నూనె చుక్క లేకుండా షాంపూతో చేసినదాన్ని కూడా తలంటే అంటున్నాం. అర్థం జారడానికి ఓడ ఎక్కక్కర్లేదన్నమాట.

ఇందాక తేదీ వేసిన కాగితం అన్నాను. అది లేకపోతే ఎక్కడ బోల్తా పడతామో చెప్పడానికి క్యాష్ అనే మాట ఒకటి చాలు. మన కాసు, ఇంగ్లీషు క్యాష్. శబ్దం కలిసింది, అర్థం కలిసింది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నిజానికి ఇంగ్లీషులో క్యాష్‌లు రెండు. చేతి డబ్బు అనే అర్థం ఉన్నది ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో డబ్బు పెట్టె అనే మాట నుంచి వచ్చింది. పెట్టె పేరు అందులోని సొమ్ముకి అంటింది. ఇంకో క్యాష్ ఉంది. అది దక్షిణాదిలో, తర్వాత చైనాలో చెల్లిన చిన్న నాణెం. అది మాత్రం మన కాసే, పోర్చుగీసువాళ్ల నోటి మీదుగా వెళ్లింది. 1818 దాకా మద్రాసులో ఎనభై క్యాష్‌లు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక పగోడా. కాబట్టి బ్యాంకులో తీసుకునే క్యాష్ మనది కాదు, పాత మద్రాసు లెక్కల పుస్తకంలోని క్యాష్ మనది. ధ్వని ఒక్కటే చూసి ఇంగ్లీషులో సగం మాటలు మనవేనని చెప్పే పెద్దమనుషులు ఈ తేడా చూడరు.

ఏ సందేహమూ లేకుండా మనదైన మాట పందికొక్కు. హాబ్సన్ జాబ్సన్‌లో కూడా బ్యాండికూట్ దగ్గర తెలుగు అనే రాసి ఉంటుంది. పంది, కొక్కు. పంది అంత కాకపోయినా ఎలుక జాతిలో పెద్దది, కోపం వస్తే పందిలాగే గురగురమంటుంది. తెలుగు తీరంలోనూ, మద్రాసులోనూ కంపెనీ గిడ్డంగుల్లో ధాన్యం నిల్వ చేసినవాళ్లకి దీని పరిచయం తప్పదు. గోడల కింద తవ్వుతుంది, కంకుల్ని బొరియలోకి లాక్కుపోయి దాస్తుంది. వరి కోతలయ్యాక గట్లు తవ్వి ఆ దాచిన గింజల్ని తిరిగి తీసే నేర్పు నెల్లూరు వైపు యానాదులది. ఇంగ్లీషు నోట్లో ప కాస్తా బ అయింది. శాస్త్రజ్ఞులు కూడా ఈ ఎలుకల ప్రజాతికి బ్యాండికోటా అనే పేరు ఖాయం చేశారు. కాబట్టి ఇక్కడి దాకా అర్థం ఏమీ చెదరలేదు.

చెదిరింది సముద్రం దాటాక. 1788లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఇంగ్లీషువాళ్ల వలస మొదలైంది. ఆ కొత్త నేల మీద ముందెన్నడూ చూడని జంతువులు కనిపించాయి. అందులో ఒకటి కుందేలంత ఉంటుంది, మూతి పొడుగు, రాత్రిపూట తిరుగుతుంది, ముక్కుతో, గోళ్లతో నేల తవ్వి పురుగులూ దుంపలూ తింటుంది. స్థానికుల భాషల్లో దానికి పేర్లు ఉన్నాయి. కానీ ఓడల్లో వచ్చినవాళ్లలో ఇండియా మాటలు తెలిసినవాళ్లు ఉన్నారు. అప్పట్లో ఆ వలసకి తిండిగింజలూ రమ్మూ బెంగాల్ నుంచి కూడా వెళ్లేవి. తవ్వే పెద్ద ఎలుకలా ఉందని దానికి బ్యాండికూట్ పేరు తగిలించారు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోపే ఆ పేరు అక్కడి రాతల్లో ఉంది.

నిజానికి అది ఎలుకే కాదు. కంగారూ లాగా పొట్టకి సంచి ఉన్న జంతువు. ఆ సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది, లేకపోతే తవ్వినప్పుడల్లా పిల్లల మీద మట్టి పడుతుంది. దాని గర్భకాలం పన్నెండు రోజుల పైన ఇంకో పూట, క్షీరదాల్లో అతి తక్కువ గర్భకాలాల్లో ఒకటి. మన పందికొక్కుకీ దానికీ ఉన్న దూరం, మనకీ కంగారూకీ ఉన్నంత. శాస్త్రజ్ఞులు దాని లాటిన్ పేరు పెట్టేటప్పుడూ తిన్నగా పెట్టలేదు. సంచి ఉన్న బ్యాడ్జర్ అనే అర్థం వచ్చేలా పెరమెలెస్ అన్నారు, అది బ్యాడ్జర్ కూడా కాదు.

అయినా ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమందికి బ్యాండికూట్ అంటే ఆస్ట్రేలియాదే. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ ఆడిన పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. నారింజరంగులో గంతులేసే ఆ బొమ్మ పేరు తమ గాదె కింద తవ్వుతున్నదాని పేరేనని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అసలు పందికొక్కును చెప్పాలంటే ఇంగ్లీషులో ఇప్పుడు బ్యాండికూట్ ర్యాట్ అని ఎలుకను విడిగా తగిలించాలి. ఇంటి యజమాని పేరుకే ఇంటిపేరు కలపవలసి వచ్చిందన్నమాట.

మరి ఆ మాటలోంచి పాత పందికొక్కు పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ఆస్ట్రేలియా పల్లెల ఇంగ్లీషులో బ్యాండికూట్ అనేది క్రియ కూడా. పక్కవాడి చేలోకి రాత్రిపూట వెళ్లి, ఆలుగడ్డ మొక్కని పీకకుండా, పైన ఆకులు అలాగే నిలబెట్టి, కింద వేలు పెట్టి గడ్డలు మాత్రం కాజేయడాన్ని బ్యాండికూటింగ్ అంటారు. రైతు పొద్దున వచ్చి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. తవ్వుకునే నాడు తెలుస్తుంది కింద ఏమీ లేదని. మనం ఆఫీసుల్లో సొమ్ము కాజేసేవాళ్లని పందికొక్కుల్లా మేస్తున్నారు అని తిడతాం. ఆ ఆస్ట్రేలియా పల్లెలవాళ్లెవరూ తెలుగు నేర్చుకోలేదు, మనమెవరమూ వాళ్ల చేలో దొంగని చూడలేదు. జంతువు వేరైనా తవ్వే అలవాటు ఒకటే కావడంతో, రెండు చోట్లా ఆ పేరు దొంగకే వెళ్లింది.